పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్‌ను అవతలివాళ్లు ఎలా చదవాలి?

అమెరికా యూనివర్సిటీలో సీటు వచ్చిన విజయవాడ అమ్మాయి ఒకరు ఉన్నారనుకుందాం. మొదటి ఏడాది ఫీజుకి, ఖర్చులకి సరిపడా డబ్బు ఉందని చూపించమని యూనివర్సిటీ అడిగింది. తండ్రి బ్యాంకు నుంచి మెయిల్‌లో వచ్చిన ఆరు నెలల స్టేట్‌మెంట్‌ను ఆమె ఉన్నదున్నట్టుగా అప్‌లోడ్ చేసింది. వారం తర్వాత ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది: ఫైల్ తెరుచుకోవడం లేదు, మళ్లీ పంపండి. ఇంట్లో అందరూ ఆ ఫైల్‌ను తెరిచి చూశారు. అందరి ఫోన్లలోనూ తెరుచుకుంటోంది. ఎందుకు తెరుచుకోదు, తండ్రి పుట్టినతేదీ ఇంట్లో అందరికీ తెలుసు కదా!

మన దగ్గర బ్యాంకులు, ఆదాయపు పన్ను శాఖ, ఆధార్ సంస్థ ఇచ్చే పీడీఎఫ్‌లకు పాస్‌వర్డ్ ఉండటం మామూలే. వాటిని రోజూ తెరిచే మనకి పాస్‌వర్డ్ ఉన్న సంగతే గుర్తుండదు. అవతల కాగితాలు పరిశీలించే మనిషికి మాత్రం అదొక ఖాళీ పెట్టె. అమెరికా ఇమిగ్రేషన్ శాఖ ఆన్‌లైన్ దరఖాస్తుల సూచనల్లో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లు, పాస్‌వర్డ్ ఉన్న ఫైళ్లు పెట్టవద్దని రాసే ఉంటుంది. అందులో వింతేమీ లేదు. అప్‌లోడ్ అయిన ఫైల్‌ను మనిషి చూడకముందే ఒక యంత్రం వైరస్ కోసం వెతుకుతుంది, ఇంకొకటి పేజీలను బొమ్మలుగా మార్చి అధికారి తెర మీద పెడుతుంది. ఆ రెండింటికీ పాస్‌వర్డ్ టైప్ చేసే దారి లేదు. పాస్‌వర్డ్ ఎక్కడో రాసి పంపినా, వందల దరఖాస్తులు చూసే గుమాస్తా దాన్ని వెతికి పట్టుకుంటాడని అనుకోవడం అత్యాశే.

పీడీఎఫ్‌లో పాస్‌వర్డ్ రెండు రకాలు. ఒకటి ఫైల్ తెరవడానికి కావలసినది. అది పెట్టినప్పుడు లోపలి అక్షరాలు, బొమ్మలు నిజంగానే ఎన్‌క్రిప్ట్ అవుతాయి. పాస్‌వర్డ్ లేకుండా చూస్తే అర్థంలేని బైట్లే కనిపిస్తాయి. రెండోది తెరిచాక ప్రింట్ చేయకూడదు, కాపీ చేయకూడదు అని ఆంక్షలు పెట్టేది. దీన్ని సాఫ్ట్‌వేర్ మర్యాద కొద్దీ పాటించాలి తప్ప, తెరుచుకున్న పీడీఎఫ్‌లో లోపలి విషయాన్ని అది దాచదు. ఎక్సెల్‌లో షీట్‌ను ‘ప్రొటెక్ట్’ చేయడం కూడా ఈ రెండో కోవకే వస్తుంది. కాబట్టి ‘పాస్‌వర్డ్ పెట్టాను’ అని ఎవరైనా అంటే, ఫైల్ తెరవడానికా, మార్చకుండా ఉండటానికా అని అడగాలి. పరిశీలనకు అడ్డొచ్చేది మొదటిదే.

ఫైల్ తెరుచుకోలేదని జవాబు రాగానే చాలామంది చేసే పని, అదే మెయిల్‌కి రిప్లైగా పాస్‌వర్డ్ రాసి పంపడం. జపాన్‌లో ఇదొక జాతీయ అలవాటుగానే ఉండేది. ఆఫీసు ఫైల్‌ను పాస్‌వర్డ్ ఉన్న జిప్‌లో పెట్టి ఒక మెయిల్‌లో పంపేవారు, వెనకే ఇంకో మెయిల్‌లో పాస్‌వర్డ్ పంపేవారు. రెండూ ఒకే దారిలో, ఒకే ఇన్‌బాక్స్‌లోకి వెళ్తాయి. ఇన్‌బాక్స్ చేజిక్కించుకున్నవాడికి రెండూ దొరుకుతాయి. పైగా లోపల ఏముందో వైరస్ స్కానర్లకు కనబడదు. ఎమోటెట్ అనే మాల్‌వేర్‌ను పంపినవాళ్లు సరిగ్గా ఈ సందునే వాడుకున్నారు. చివరికి 2020 నవంబరులో జపాన్ డిజిటల్ వ్యవహారాల మంత్రి హిరాయ్ తకుయా, కేబినెట్ కార్యాలయాల్లో ఆ పద్ధతి ఆపేస్తున్నట్టు ప్రకటించారు. భద్రత పేరుతో ఏళ్ల తరబడి సాగిన తతంగాన్ని ఒక ప్రభుత్వం బహిరంగంగా వదిలేయడం అరుదు. మనం ఇప్పుడు దాన్నే వాట్సాప్‌లో కొత్తగా మొదలుపెడుతున్నాం. ఫైల్, దాని కిందే పాస్‌వర్డ్.

మన పాస్‌వర్డ్‌లతో ఇంకో చిక్కుంది, అది జపాన్‌వాళ్లకి లేదు. వాళ్లది ప్రతి ఫైల్‌కీ కొత్తగా పుట్టించిన పాస్‌వర్డ్. మనది మన వివరాలతోనే కట్టినది. ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, వాటి పక్కన పుట్టిన సంవత్సరం. ఆదాయపు పన్ను వారి వార్షిక సమాచార నివేదికకు పాన్ నంబరు చిన్న అక్షరాల్లో, పక్కన పుట్టినతేదీ. బ్యాంకుల సూత్రాలు రకరకాలుగా ఉన్నా, చాలావాటిలో పుట్టినతేదీ, ఖాతా నంబరు, మొబైల్ నంబరు ముక్కలే తిరుగుతుంటాయి. ఇలాంటి పాస్‌వర్డ్ ఒకసారి చెప్పారంటే ఒక ఫైల్‌తో పోదు. ఆ బ్యాంకు నిరుడు పంపిన స్టేట్‌మెంట్లకీ, వచ్చే ఏడాది పంపబోయేవాటికీ అదే. మీ పుట్టినతేదీని మీరు మార్చుకోలేరు. పాస్‌వర్డ్ కాస్తా ఒక వ్యక్తిగత వివరం అయిపోయింది, ఇంకో వ్యక్తిగత వివరాన్ని కాపాడటానికి.

దీని బలమెంతో చిన్న లెక్కతో తెలుస్తుంది. నూరేళ్లలో తేదీలు దాదాపు 36,500. పుట్టినతేదీ ఒక్కటే పాస్‌వర్డ్ అయితే ఆ 36,500 తేదీలను ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించడం మామూలు కంప్యూటర్‌కి నిమిషాల పని. ఈ-ఆధార్‌లో, మనిషి పేరు తెలిస్తే మిగిలేది పుట్టిన సంవత్సరం, అంటే నూరు ప్రయత్నాలు. ఫైల్‌ను పంపిన మెయిల్‌లో పేరు ఎలాగూ ఉంటుంది. అంటే ఈ పాస్‌వర్డ్ పొరపాటున వేరే చిరునామాకు వెళ్లిన మెయిల్‌ను, పక్కవాడి చూపును ఆపుతుంది. పని పెట్టుకుని కూర్చున్నవాడిని ఆపదు. అందుకని దాన్ని అలాగే ఉంచి పంపితే పెద్ద రక్షణ ఉందనుకోవడమూ తప్పే, అడిగిన ప్రతివాళ్లకీ చెప్పేయడమూ తప్పే.

మరి ఏం చేయాలి? ముందు అవతలివాళ్లకు ఏం కావాలో తేల్చుకోవాలి. లోపలి విషయం చదివితే చాలా? లేక ఆ కాగితం నిజంగా బ్యాంకు నుంచే వచ్చిందని రుజువు కావాలా? ఈ రెండింటికీ దారులు వేరు. విజయవాడ అమ్మాయి విషయంలో యూనివర్సిటీకి కావలసింది ఖాతాదారు పేరు, బ్యాంకు పేరు, తేదీ, నిల్వ. తండ్రి ఏ ఆసుపత్రిలో ఎంత కట్టాడు, చిట్టీ ఎవరికి వేశాడు అన్నవి వాళ్లకి అక్కర్లేదు. ఆరు నెలల లావాదేవీలు ఇరవై పేజీలున్నా, పని జరగడానికి మొదటి పేజీ, ఆఖరి పేజీ చాలు. లావాదేవీలు కూడా కావాలని యూనివర్సిటీ స్పష్టంగా రాస్తే అప్పుడు అన్నీ పంపాలి. రాయకపోతే ఒక మెయిల్ పెట్టి అడగడమే మేలు.

ఆ రెండు పేజీల కాపీని తయారుచేసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. కంప్యూటర్‌లో క్రోమ్ బ్రౌజర్‌తో పీడీఎఫ్‌ను తెరిచి, పాస్‌వర్డ్ ఇచ్చి, ప్రింట్ గుర్తు నొక్కాలి. ప్రింటర్ పేరు ఉండే చోట `Save as PDF` ఎంచుకోవాలి. పేజీల దగ్గర `Custom` ఎంచుకుని `1, 20` అని రాయాలి. సేవ్ చేస్తే పాస్‌వర్డ్ లేని, రెండే పేజీల కొత్త ఫైల్ వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా పీడీఎఫ్ తెరిచే యాప్‌లో ప్రింట్‌కి వెళ్తే ఇదే వీలు ఉంటుంది. ప్రింట్ గుర్తు పనిచేయకుండా మసకగా ఉంటే, బ్యాంకు రెండో రకం ఆంక్ష కూడా పెట్టిందని అర్థం. అప్పుడు నెట్ బ్యాంకింగ్‌లోకి వెళ్లి కావలసిన తేదీలకే స్టేట్‌మెంట్ దించుకోవడం దగ్గర దారి. చాలా బ్యాంకుల్లో అక్కడి నుంచి దించుకునేదానికి పాస్‌వర్డ్ ఉండదు, మెయిల్‌లో వచ్చేదానికే ఉంటుంది. ఈ సంగతి తెలియక తంటాలు పడేవాళ్లు ఎక్కువ.

కంప్యూటర్ కమాండ్లు అలవాటున్నవాళ్లకి `qpdf` అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పాస్‌వర్డ్‌ను `pw.txt` అనే ఫైల్‌లో ఒక వరసగా రాసుకుని, ఇలా ఇవ్వాలి:

```
qpdf --password-file=pw.txt --decrypt statement.pdf --pages . 1,20 -- copy.pdf
qpdf --show-encryption copy.pdf
```

మొదటి వరస కాపీని చేస్తుంది. రెండోది `File is not encrypted` అని చూపిస్తే పాస్‌వర్డ్ పోయినట్టే. పాస్‌వర్డ్‌ను నేరుగా కమాండ్‌లో రాయకుండా ఫైల్‌లో పెట్టడానికి కారణం, కమాండ్లు కంప్యూటర్ చరిత్రలో మిగిలిపోతాయి. పని అయ్యాక `pw.txt`ను తీసేయాలి. ఈ కమాండ్ల జోలికి వెళ్లనివాళ్లు కాపీని పాస్‌వర్డ్ తెలియని ఇంకొకరి ఫోన్‌లో తెరిచి చూసినా సరిపోతుంది. సొంత ఫోన్‌లో తెరిచి చూసుకోవడం పరీక్ష కాదు. కొన్ని యాప్‌లు పాస్‌వర్డ్‌ను గుర్తుపెట్టుకుని అడగకుండానే తెరిచేస్తాయి, మొదటిసారి ఆ ఇంట్లో మోసం చేసింది అదే కావచ్చు.

‘పీడీఎఫ్ అన్‌లాక్’ అని వెతికితే వచ్చే సైట్లకు మాత్రం వెళ్లవద్దు. వాటిలో చాలావరకు మీ ఫైల్‌ను, దానితో పాటు పాస్‌వర్డ్‌ను, వాళ్ల సర్వర్‌కి పంపించుకుంటాయి. గంటలో తీసేస్తామని రాసినా, తీసేశారో లేదో మీరు చూడలేరు. మీ దగ్గర పాస్‌వర్డ్ ఉన్నప్పుడు ఆ పనికి మూడో మనిషి అక్కర్లేదు.

ఇక దాచిపెట్టడం సంగతి. పంపే పేజీలోనే చూపించకూడని వరసలు ఉంటాయి. చాలామంది వాటి మీద నల్ల గీత గీసి పంపిస్తారు. ఇందులో అనుభవజ్ఞులైన లాయర్లు కూడా బోల్తా పడ్డారు. 2019 జనవరిలో అమెరికాలో ట్రంప్ ఎన్నికల ప్రచార మాజీ మేనేజర్ పాల్ మానఫోర్ట్ తరఫు లాయర్లు కోర్టులో వేసిన పీడీఎఫ్‌లో రహస్య భాగాల మీద నల్ల పట్టీలు ఉన్నాయి. విలేకరులు ఆ పట్టీల కింది అక్షరాలను కాపీ చేసి వేరే చోట పేస్ట్ చేస్తే అన్నీ చదవడానికి వచ్చాయి. పట్టీ పైన ఒక బొమ్మ మాత్రమే, కింద అక్షరాలు అలాగే ఉన్నాయి. క్రోమ్‌లో చేసిన కాపీలో కూడా అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. ఫోన్‌లో హైలైటర్ లాంటి పెన్నుతో గీస్తే, అది పూర్తిగా మూయదు, బొమ్మ వెలుతురు పెంచితే కింది అంకెలు బయటపడతాయి.

నమ్మకమైన పద్ధతి మొరటుగా కనిపిస్తుంది. పేజీని స్క్రీన్‌షాట్ తీయండి. బొమ్మలు దిద్దే యాప్‌లో, పారదర్శకత ఏమీ లేని నల్ల చతురస్రంతో ఆ వరసలను కప్పి, బొమ్మగా సేవ్ చేయండి. ఆ బొమ్మను మళ్లీ పీడీఎఫ్ చేయండి. ఇప్పుడు అందులో అక్షరాలే లేవు, చుక్కలే ఉన్నాయి. నల్ల చుక్కల కింద ఏమీ మిగల్లేదు. పరీక్ష కూడా సులువే: కొత్త ఫైల్ తెరిచి కంట్రోల్-ఏ, కంట్రోల్-సీ నొక్కి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఏమీ రాకపోతే సరిగ్గా చేశారు. ఆధార్ విషయంలో ఈ శ్రమ కూడా అక్కర్లేదు. దించుకునేటప్పుడే ‘మాస్క్‌డ్’ కాపీని ఎంచుకుంటే నంబరులో చివరి నాలుగు అంకెలే కనబడతాయి.

ఇంతవరకు చెప్పిన దారుల్లో ఒక పెద్ద నష్టం ఉంది. దాన్ని దాచకూడదు. ఈ-ఆధార్‌కి, కొన్ని బ్యాంకుల స్టేట్‌మెంట్లకి డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకం ఫైల్‌లోని బైట్ల మీద చేసిన లెక్క. ఒక్క బైట్ మారినా లెక్క తప్పుతుంది. పాస్‌వర్డ్ తీస్తే ఫైల్ మొత్తం తిరగరాసినట్టే, ప్రింట్ చేస్తే అసలు కొత్త ఫైలే. సంతకం ఉన్నట్టు కనిపించే పచ్చ టిక్కు గుర్తు కాపీలో కేవలం బొమ్మగా మిగలవచ్చు, అడోబ్ రీడర్‌లో తెరిచి సంతకాల పట్టీ చూస్తే అక్కడ చెల్లుబాటయ్యే సంతకం ఉండదు. అంటే పరిశీలించేవాళ్లకి మీరు చదవడానికి వీలైన కాగితం ఇచ్చారు, నిజమని తేల్చుకునే వీలు తీసేశారు. పేజీలు మార్చి పంపే మోసగాళ్లు ఉన్నారు కాబట్టి, లోను ఇచ్చే సంస్థలు, ఆడిటర్లు దీన్ని ఒప్పుకోకపోవడం సబబే.

అలాంటి చోట అసలు ఫైల్‌నే పంపాలి. పాస్‌వర్డ్‌ను మాత్రం వేరే దారిలో, ఫోన్‌లో నోటితో చెప్పాలి. అవతలివాళ్లు మీకు ముందే తెలిసిన నంబరుకి మీరే ఫోన్ చేయాలి. వాళ్లు చేసిన కాల్‌లో చెప్పకూడదు. మీ చార్టర్డ్ అకౌంటెంట్‌కి పన్ను నివేదిక ఇస్తున్నప్పుడు ఈ బెంగ తక్కువ. ఆయన దగ్గర మీ పాన్, పుట్టినతేదీ ఎలాగూ ఉంటాయి, పాస్‌వర్డ్‌లో కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇంతకుముందు మీతో సంబంధం లేని లోను ఏజెంటు విషయంలో అలా కాదు.

లోనుకైతే మన దేశంలో ఫైలే పంపకుండా పని జరిగే దారి ఒకటి వచ్చింది. అకౌంట్ అగ్రిగేటర్ వ్యవస్థకి రిజర్వు బ్యాంకు 2016లో నిబంధనలు పెట్టింది, 2021 సెప్టెంబరులో బ్యాంకులతో అది పనిలోకి వచ్చింది. మీరు యాప్‌లో ఏ ఖాతా, ఏ నెలల సమాచారం, ఎందుకు, ఎంతకాలం అని చూసి ఒప్పుకుంటారు. మీ బ్యాంకు ఆ సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి నేరుగా లోను ఇచ్చే సంస్థకి పంపుతుంది. మధ్యలో ఉన్న అగ్రిగేటర్ దాన్ని చదవలేడు. పాస్‌వర్డ్ గొడవ లేదు, బ్యాంకు నుంచే వచ్చిందా అన్న అనుమానం లేదు, ఇచ్చిన ఒప్పుదలను వెనక్కి తీసుకోవచ్చు. దీనికి పరిమితి ఏమిటంటే, ఇందులో చేరిన భారతీయ సంస్థలకే పనికొస్తుంది. అమెరికా యూనివర్సిటీకి దీనితో పని జరగదు. వాళ్లకి రుజువే కావాలంటే, బ్యాంకు శాఖకి వెళ్లి, నిల్వ ఎంతో తెలిపే సర్టిఫికెట్ అడిగి, మేనేజరు సంతకం, ముద్ర వేయించి స్కాన్ చేసి పంపడం ఇప్పటికీ మంచి దారే. అందులో లావాదేవీలు ఉండవు, పాస్‌వర్డ్ ఉండదు.

ఆధార్ సంస్థ ఈ చిక్కును ఒకచోట చక్కగా విప్పింది. పేపర్ లేని ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ అని ఒక ఫైల్ ఇస్తుంది. అందులో పేరు, చిరునామా, ఫొటో ఉంటాయి కానీ పూర్తి ఆధార్ నంబరు ఉండదు. లోపలి ఫైల్ మీద సంతకం, బయట జిప్‌కి పాస్‌వర్డ్. ఆ పాస్‌వర్డ్ నాలుగు అక్షరాలు, మీరే ఎంచుకుంటారు. అది చిన్నదే, గట్టి రక్షణ ఏమీ కాదు. కానీ సంతకం లోపల, తాళం బయట ఉండటం వల్ల తాళం తీసినా సంతకం చెడదు. ఆ పాస్‌వర్డ్ మీ పుట్టినతేదీతో కట్టినది కాదు, ఇంకోసారి ఇంకోటి పెట్టుకోవచ్చు. ఇలాంటి అమరిక బ్యాంకు స్టేట్‌మెంట్లకి ఎందుకు రాకూడదో నాకు అర్థం కాదు.

పాస్‌వర్డ్ తీసిన కాపీని మెయిల్‌కి అంటించి పంపడం కన్నా, డ్రైవ్‌లో పెట్టి లింకు పంపడం మంచిది. అయితే ‘లింకు ఉన్న ఎవరైనా’ అనేది కాకుండా, అవతలి మనిషి మెయిల్ చిరునామాకే అనుమతి ఇవ్వాలి. చూసే హక్కు మాత్రమే ఇవ్వాలి. పని అయిందని జవాబు రాగానే అనుమతి తీసేస్తే, అంతకుముందు వాళ్లు దించుకోని పక్షంలో ఫైల్ ఇక వాళ్ల చేతిలో ఉండదు. దించుకున్నదాన్ని వెనక్కి రప్పించే దారి దేనిలోనూ లేదు. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ పంపుదామనుకుంటే ఒక అడ్డంకి ఉంది: జీమెయిల్ వంటి సేవలు వైరస్ భయంతో పాస్‌వర్డ్ ఉన్న కొన్ని రకాల జిప్‌లను ఆపేస్తాయి. మామూలు జిప్‌లో ఇంకో లోపం, లోపలి ఫైళ్ల పేర్లు పాస్‌వర్డ్ లేకుండానే కనబడతాయి.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో, వాట్సాప్ చాట్‌లో మిగిలిన పాస్‌వర్డ్ లేని కాపీలను పని ముగిసిన రోజే తీసేయండి. బ్యాంకు పంపిన అసలు ఫైల్‌ను మాత్రం పాస్‌వర్డ్‌తో, సంతకంతో అలాగే దాచుకోండి. రేపు ఎవరైనా కాపీని అనుమానిస్తే చూపించాల్సింది అదే. కాగితాలు అడిగే ఆఫీసులకి కూడా ఒక మనవి: ఏ నెలలవి కావాలి, చదవడానికా, సరిచూడటానికా, పాస్‌వర్డ్ ఉంటే దాన్ని ఎవరికి ఫోన్ చేసి చెప్పాలి, మీ దగ్గర ఎంతకాలం ఉంచుతారు అన్న నాలుగు మాటలు దరఖాస్తు ఫారంలోనే రాయండి.